మీ పరిచయం ఎవరి నోట?

లింక్డిన్‌లో పేరు, ఫొటో, హోదా దాటి కిందికి వస్తే ‘అబౌట్’ అనే పెట్టె ఉంటుంది. అందులో 2,600 అక్షరాల దాకా రాసుకోవచ్చు. అయితే చూసేవారికి ముందుగా కనిపించేది మొదటి రెండు మూడు లైన్లే. మిగతాది చదవాలంటే వాళ్లే నొక్కి తెరవాలి. ఆ రెండు మూడు లైన్లను చాలామంది తమ పేరుతోనే మొదలుపెడతారు. ఫలానావారు ఈ రంగంలో పదేళ్ల అనుభవం ఉన్న నిపుణులు అంటూ, తమ గురించి వేరెవరో రాసినట్టు సాగుతారు. పైన పేరుంది, ఫొటో ఉంది, ఉద్యోగం కూడా అక్కడే ఉంది. చదివేవారికి అప్పటికే తెలిసిందాన్ని మళ్లీ చెప్పడానికే ఆ విలువైన చోటు ఖర్చయిపోతుంది.

ఉత్తమ పురుషలో రాయాలా, ప్రథమ పురుషలో రాయాలా అన్న ప్రశ్నకు వృత్తుల పట్టిక వేసి జవాబు చెప్పేవారున్నారు. టెక్కీలైతే ‘నేను’ అనాలట, డైరెక్టర్లైతే ‘ఆయన’ అనాలట. నా దృష్టిలో వృత్తి కన్నా ముందు చూసుకోవలసింది ఇంకొకటుంది. ఆ మాటలు ఎవరి నోట వినపడతాయి? పేజీ మీదైతే మాట్లాడేది మీరే. సభలో వ్యాఖ్యాత చదివేది, ప్రచురణకర్త పుస్తకం అట్ట మీద వేసేది, ఆసుపత్రి తన వైద్యుల జాబితాలో పెట్టేది వేరేవారి మాట. వృత్తిని బట్టి తేడా వస్తుందంటే, కొన్ని వృత్తుల్లో మన గురించి పక్కవారు మాట్లాడే సందర్భాలు ఎక్కువ, కొన్నిటిలో తక్కువ కాబట్టే.

మన తొలి కావ్యంలోనే దీనికి ఉదాహరణ ఉంది. మహాభారతం అవతారికలో నన్నయ తనను తాను ప్రథమ పురుషలోనే పరిచయం చేసుకున్నాడు. రాజరాజనరేంద్రుడు తన కులబ్రాహ్మణుణ్ణి చూసి భారతం తెలుగు చేయమని కోరే ఘట్టం అది. వేదాభ్యాసం, పురాణ జ్ఞానం, ముద్గల గోత్రం, ఆపస్తంబ సూత్రం, రెండు భాషల్లో కావ్యం రాయగల నేర్పు, వ్యాకరణ పాండిత్యం, స్వభావం అన్నీ ఒక్క పద్యంలో చెప్పేస్తాడు. నేటి లెక్కలో చెప్పాలంటే చదువు, నైపుణ్యం, పేరూ గోత్రమూ ఉన్న బయోడేటా. అది చదివినప్పుడు ఎబ్బెట్టుగా అనిపించదు. ఎందుకంటే అక్కడ సభ ఉంది, అడిగే రాజు ఉన్నాడు, చూపు ఆ రాజుది. ఆ చట్రం లేకుండా అవే విశేషణాలను మన సొంత పేజీలో మన గురించి మనమే గుప్పించుకుంటే, రాసింది ఎవరో చదివేవారికి తెలిసిపోతుంది.

ఒక నర్సును ఉదాహరణగా తీసుకుందాం. బీఎస్సీ నర్సింగ్ చదివింది. 2017 నుంచి ఒక పెద్ద ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో పనిచేస్తోంది. ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా మారాలని ఉంది. ఆమె అబౌట్ ఇలా ఉందనుకుందాం. ముందు తన పేరు, ఆ తర్వాత: ‘అంకితభావం గల నర్సింగ్ నిపుణురాలు. ఆరోగ్య రంగంలో ఆమెకు విశేష అనుభవం ఉంది. రోగుల సంరక్షణలో అత్యున్నత ప్రమాణాలు పాటిస్తారు.’

ఇందులో అబద్ధం లేదు. కానీ ఏ నర్సు పేరు పెట్టినా సరిపోతుంది. ‘ఆమె’ అని రాయడం మొదలుపెట్టగానే సన్మానపత్రం భాష తనంతట తానే వచ్చి చేరింది. అంకితభావం, విశేషం, అత్యున్నతం అన్నవి ఎదుటివారు మన గురించి అనవలసిన మాటలు. మనమే అనుకుంటే వాటికి బరువుండదు. పైగా ఆమెకు నిజంగా ఏం కావాలో ఎక్కడా రాలేదు. నియామకాలు చూసేవారు వెతికేది సరిగ్గా దాన్నే.

ఇదే విషయాన్ని ఆమె తన మాటగా చెబితే ఇలా ఉంటుంది: ‘గుండె ఆపరేషన్ అయిన రోగులు థియేటర్ నుంచి నేరుగా వచ్చే ఐసీయూలో 2017 నుంచి పనిచేస్తున్నాను. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని కనిపెట్టుకుని ఉండటం, డ్రెయిన్లలో వచ్చే రక్తాన్ని, మూత్రాన్ని గంటగంటకూ కొలిచి రాయడం నా రోజువారీ పని. కొత్తగా చేరిన నర్సులకు డ్యూటీ మారేటప్పుడు రోగిని ఎలా అప్పజెప్పాలో నేర్పిస్తున్నాను. సెంట్రల్ లైన్ దగ్గర వచ్చే ఇన్‌ఫెక్షన్లలో చాలావరకు చేతులు కడుక్కోవడం, డ్రెస్సింగ్ మార్చడం లాంటి పనుల్లో జాగ్రత్తతోనే ఆపవచ్చని ఇక్కడే చూశాను. అందుకే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వైపు రావాలనుకుంటున్నాను.’

చివరి రెండు వాక్యాలు చూడండి. చూశాను, రావాలనుకుంటున్నాను. కారణం, కోరిక రెండూ మనసు లోపలి సంగతులు. వాటిని ప్రథమ పురుషలోకి మారిస్తే ‘ఆమె ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వైపు రావాలనుకుంటున్నారు’ అని, ఎవరో సిఫారసు చేస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకే ఉద్యోగం వెతుక్కునేవారికి, పని మార్చుకునేవారికి, ఒంటరిగా పనిచేసే ఫొటోగ్రాఫర్, అనువాదకుడు, డిజైనర్ లాంటివారికి ఉత్తమ పురుషే నప్పుతుంది. ఎదుటివారు ఆ మనిషితోనే నేరుగా పని చేయించుకోవాలి కాబట్టి, ఆ మనిషి గొంతే ముందు వినాలనుకుంటారు.

ఇంగ్లిష్‌లో ఇలా రాసేటప్పుడు ప్రతి వాక్యమూ ‘ఐ’తో మొదలై, చదివేవారికి విసుగొస్తుందన్న భయం ఉంటుంది. ప్రథమ పురుషలోకి పారిపోవడానికి చాలామంది చెప్పే కారణం ఇదే. వాక్యాన్ని పనితోనో, చోటుతోనో, సంవత్సరంతోనో మొదలుపెడితే ఆ ఇబ్బంది సగం పోతుంది. తెలుగులో అసలు ఆ బెడదే లేదు. ‘పనిచేస్తున్నాను’ అన్న క్రియలోనే ‘నేను’ ఉంది. పై పేరాలో ‘నేను’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

తెలుగులో చిక్కంతా రెండోవైపున ఉంది. ఇంగ్లిష్‌లో ‘హీ’, ‘షీ’ అంటే సరిపోతుంది, గౌరవం ప్రసక్తి రాదు. తెలుగులో మన గురించి మనమే ప్రథమ పురుషలో రాసుకుంటే ‘రాశాడు’ అనాలా, ‘రాశారు’ అనాలా తేల్చుకోవాలి. మొదటిది అచ్చులో తక్కువ చేసినట్టుంటుంది. రెండోది మనకు మనమే మర్యాద ఇచ్చుకున్నట్టుంటుంది. దీనికి మన పత్రికలు, పుస్తకాలు ఎప్పుడో దారి కనిపెట్టాయి. క్రియ లేని వాక్యాలు వాడతాయి: ‘సొంతూరు తెనాలి. వృత్తి అధ్యాపకత్వం. రెండు కథాసంపుటాలు, ఒక నవల.’ ఎవరికీ ఇబ్బంది లేదు, చోటూ కలిసొస్తుంది. క్రియ తప్పనిసరైన చోట మాత్రం ‘రాశారు’ అనే రాయండి. దాన్ని అచ్చు వేసేది, చదివేది వేరేవారు కాబట్టి అది వాళ్లిచ్చే మర్యాదే అవుతుంది. పేరు పక్కన ‘గారు’ మాత్రం మీరు చేర్చకండి, అది వాళ్లకే వదిలేయండి.

ఇప్పుడు ఆ నర్సునే ఒక నర్సింగ్ కాలేజీ ప్రసంగానికి పిలిచిందనుకుందాం. నిర్వాహకులు నాలుగు మాటలు రాసి పంపమంటారు. ‘గుండె ఆపరేషన్ల ఐసీయూలో స్టాఫ్ నర్సు. బీఎస్సీ నర్సింగ్ చదివారు. 2017 నుంచి అదే విభాగంలో పనిచేస్తూ, కొత్తగా చేరిన నర్సులకు శిక్షణ ఇస్తున్నారు. సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్లను ఎలా ఆపాలో ఈ రోజు మాట్లాడతారు.’ కారణం, కోరిక రెండూ రాలిపోయాయి. ముక్కూ మొహం తెలియని వ్యాఖ్యాత కూడా ధైర్యంగా చదవగలిగిన విషయాలే మిగిలాయి. ప్రథమ పురుషలో రాసిన పరిచయం సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఇదే కొలత. మీరెవరో తెలియని మనిషి ఆ వాక్యాన్ని తన మాటగా చెప్పగలడా? ‘దార్శనికుడు’ అన్న దగ్గర అతను తడబడతాడు. ‘ఐసీయూలో స్టాఫ్ నర్సు’ అన్న దగ్గర తడబడడు.

అధ్యాపకులు, పరిశోధకులు, రచయితలు, సంగీత కళాకారులు, కంపెనీ డైరెక్టర్లు ఇలాంటి పరిచయాన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. వాళ్ల గురించి రాసుకోవలసిన అవసరం పక్కవారికి తరచుగా వస్తుంది. ఐఈఈఈ జర్నళ్లలో వ్యాసం చివర వేసే రచయిత పరిచయాలు ప్రథమ పురుషలోనే ఉంటాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ కొత్త డైరెక్టరును నియమించేటప్పుడు అతని సంక్షిప్త పరిచయాన్ని వాటాదారులకు అందించాలని సెబీ నిబంధన ఉంది. అక్కడ మాట్లాడేది కంపెనీ. ఆ డైరెక్టరే తన లింక్డిన్‌కు వచ్చినప్పుడు మాత్రం అదే కాగితాన్ని అతికించకుండా ‘నేను’కు మారడం మేలు.

వకీళ్ల సంగతి వేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదంటుంది. 2008లో చేసిన సవరణ వెబ్‌సైట్‌కు కొంత వీలు కల్పించింది. పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారో పెట్టుకోవచ్చు. ‘ఎన్నో కేసులు గెలిపించాను’ అన్నా, ‘ఎన్నో కేసులు గెలిపించిన ప్రముఖ న్యాయవాది’ అన్నా చిక్కు ఒక్కటే. పురుష మార్చినంత మాత్రాన ప్రకటన ప్రకటన కాకుండా పోదు. వీళ్లకు క్రియల్లేని వివరాలే క్షేమం. వైద్యులు కూడా రోగులను ఆకర్షించే ప్రచారం చేసుకోకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అయితే డాక్టరు సొంత పేజీలో ‘మధుమేహం ఉన్నవాళ్ల పాదాలకు పుండ్లు పడకుండా చూడటం మీద పనిచేస్తున్నాను’ అని నేరుగా చెప్పడం వివరం కిందికే వస్తుంది.

ఒక్కరే నడిపే సంస్థల్లో కనిపించే ‘మేము’ కూడా ఇబ్బందే. మా బృందం, మా సేవలు అని చదివి ఫోన్ చేస్తే ఎత్తేది, ధర చెప్పేది, పని చేసేది ఒకే మనిషి. ఇద్దరు ముగ్గురున్నా ‘మేము’ సబబే. ఒక్కరే ఉంటే ‘నేను’ అనడమే నిజాయితీ. ఇంటి పచ్చళ్లు అమ్మే ఆమె దగ్గర కొనేవాళ్లు కూడా ఆమె చెయ్యి చూసే కొంటారు.

ఎక్కువగా కనిపించే తప్పు రెండిటినీ కలిపేయడం. పైన ‘ఆయన పదేళ్లుగా’ అని మొదలై, చివర ‘నన్ను సంప్రదించండి’ అని ముగుస్తుంది. పాత సభ పరిచయాన్ని తెచ్చి అతికించి, కింద రెండు లైన్లు కొత్తగా చేర్చినప్పుడు ఇలా జరుగుతుంది. క్రియల చివరలు మాత్రమే వరుసగా చదువుకుంటూ పోతే అతుకు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

ముందు ఉత్తమ పురుషలో పూర్తిగా రాసుకుని, అందులోంచే యాభై, నూరు మాటల ప్రథమ పురుష పరిచయాలు తీసుకోవడం తేలిక. ఎదురు దిశలో వెళ్తే సన్మానపత్రం వాసన వదలదు. అలా తీసిన చిన్న పరిచయాల్లో ‘ప్రస్తుతం’, ‘గత ఎనిమిదేళ్లుగా’ లాంటి మాటలు తీసేసి సంవత్సరం వేయండి. అవి మీ చేయి దాటి ఎవరి ఈమెయిల్లోనో ఉండిపోతాయి, మూడేళ్ల తర్వాత ఇంకో వేదిక మీద ఎవరో తీసి చదువుతారు. ‘2017 నుంచి’ అని ఉంటే, మీరు అదే పనిలో ఉన్నంతకాలం అది నిజమే.