తెర నలుపు... దోషి ఎవరు?

సినిమా మొదలెడితే తెర నల్లగా ఉండిపోతుంది. లేదా బొమ్మ వస్తుంది గానీ రంగుల్లో జీవం ఉండదు. ఇంట్లోనే థియేటర్ పెట్టుకున్న కుర్రకారు నాతో చెప్పుకునే కష్టాల్లో ఈ రెండే ఎక్కువ. తిట్లన్నీ టీవీకే! అసలు విలన్ తరచుగా మధ్యలో నక్కి ఉంటాడు.

బొమ్మ వచ్చేముందు ప్లేయరూ, టీవీ కాసేపు పలకరించుకుంటాయి. దీన్నే హ్యాండ్‌షేక్ అంటారు. టీవీ ఏమేం చూపించగలదో తెలిపే జాబితాను ప్లేయరు ముందుగా చదువుకుంటుంది. తర్వాత కాపీ కాకుండా కాపాడే హెచ్.డి.సి.పి. తాళం సరిచూసుకుంటుంది. ఫోర్-కె సినిమాలకు మామూలుగా ఈ తాళం 2.2 రకం కావాలి. మధ్యలో స్విచ్ బాక్సో, ఏ.వి. రిసీవరో ఉంటే ఈ కబుర్లన్నీ దాని చేతుల మీదుగానే నడవాలి. అది జాబితాలో హెచ్.డి.ఆర్. సంగతి మింగేసిందా, ప్లేయరు మామూలు బొమ్మే పంపుతుంది. దాని తాళం పాతదైతే కొన్ని ప్లేయర్లు బొమ్మ స్థాయి తగ్గించి సర్దుకుంటాయి. కొన్ని తెర మూసేస్తాయి.

విజయవాడలో ఓ మిత్రుడి ఇంట్లో ప్లేయరు నుంచి స్విచ్ బాక్సుకీ, అక్కణ్ణించి రిసీవరుకీ, చివరికి టీవీకీ వైర్లు. తెర మాత్రం నలుపు! "టీవీ పోయిందిరా" అన్నాడు వాడు. నేను ప్లేయరు వైరు నేరుగా టీవీకి పెట్టాను. బొమ్మ వచ్చింది, మూలన HDR గుర్తు కూడా వెలిగింది. అంటే టీవీ, ప్లేయరు, ఆ వైరు నిర్దోషులే! తర్వాత స్విచ్ బాక్సు తప్పించి రిసీవరు గుండా పంపాను. బొమ్మ వచ్చింది, HDR గుర్తు మాయం. ఒక్క కథలో ఇద్దరు విలన్లన్నమాట! నలుపు స్విచ్ బాక్సుది, రంగుల దొంగతనం రిసీవరుది.

రిసీవరు మెనూలో ఆ ఇన్‌పుట్ Standard లో ఉంది. Enhanced కి మార్చి, టీవీ, రిసీవరు, ప్లేయరు మూడూ ఆపి, అదే వరసలో వెలిగించాను. జాబితా మళ్లీ చదవాలంటే ఇలా ఆపి వెలిగించడం మంచిది. గుర్తు తిరిగొచ్చింది! స్విచ్ బాక్సు పాత డీవీడీ ప్లేయరుకి పరిమితమైంది.

మీ రిసీవరుకి 2.2 తాళమే లేకపోతే ఏ మెనూ కాపాడదు. అప్పుడు ప్లేయరును టీవీకే కలిపి, శబ్దాన్ని ARC అని రాసున్న సాకెట్ నుంచి రిసీవరుకి పంపండి. అయితే మామూలు ARC పూర్తి నాణ్యత గల డిస్కు శబ్దాన్ని మొయ్యలేదు. దానికి రెండు వైపులా eARC ఉండాలి. కొనేముందు సాకెట్ దగ్గర ఆ చిన్న e కోసం చూడండి!