ఉద్యోగం రానివాళ్లు కూడా చదివే ప్రకటన

‘అర్జెంట్ హైరింగ్. ఫ్రెషర్స్ కావలెను. జావా లేదా పైథాన్ వచ్చి ఉండాలి. టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం తప్పనిసరి. మంచి కమ్యూనికేషన్ స్కిల్స్. ఆకర్షణీయమైన జీతం.’

హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కునే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రకటనలు రోజూ తిరుగుతుంటాయి. పేరున్న కంపెనీ ఇలా రాసినా దరఖాస్తులు వస్తాయి, ఎందుకంటే ఆ కంపెనీ ఏమిటో ఊళ్లో ఉన్న నాన్నకు కూడా తెలుసు. మాదాపూర్‌లో ఒక అంతస్తు అద్దెకు తీసుకుని పాతిక మందితో నడిచే కంపెనీ పేరు ఎవరికీ తెలియదు. దాని గురించి బయటివాళ్లు చదివే మొదటి మాట ఆ ప్రకటనే. నలుగురిని తీసుకోవడానికి పెట్టిన ప్రకటనను వందల మంది చదువుతారు. వాళ్లలో ఎక్కువ మందికి ఆ ఉద్యోగం రాదు. కానీ ఆ కంపెనీ ఎలాంటిదో ఒక అభిప్రాయం మాత్రం ఏర్పడుతుంది. అది తమ్ముళ్లకు, జూనియర్లకు చేరుతుంది.

దీనికి ‘ఎంప్లాయర్ బ్రాండ్’ అనే పేరు టిమ్ ఆంబ్లర్, సైమన్ బారో 1996లో రాసిన వ్యాసంతో స్థిరపడింది. చేసే పని, చేతికొచ్చే డబ్బు, మనసుకు దొరికే తృప్తి, ఈ మూడూ కలిసి ఒక కంపెనీ పేరుతో ముడిపడటమే వాళ్లు చెప్పిన బ్రాండ్. చిన్న కంపెనీలు దీన్ని లోగో, ఆఫీసు ఫొటోల వ్యవహారం అనుకుంటాయి. ఫ్రెషర్ల విషయంలో అది అంతకంటే ముందే, నమ్మకం దగ్గర మొదలవుతుంది.

మన దగ్గర ఫ్రెషర్ ప్రకటన చూడగానే అడిగే మొదటి ప్రశ్న ‘ఇది నిజమేనా?’ అని. ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్ పేరుతో డబ్బు కట్టించుకుని మాయమైన కన్సల్టెన్సీల కథలు ప్రతి కాలేజీలోనూ వినిపిస్తాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని వదలని ఆఫీసుల సంగతీ తెలుసు. అందుకే ప్రకటనలో పైనే ఈ నాలుగు మాటలు ఉండాలి: ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు, మా తరఫున ఏ కన్సల్టెన్సీ పనిచేయడం లేదు, ఒరిజినల్స్ చూసి అప్పటికప్పుడే తిరిగి ఇస్తాం, బాండ్ లేదు. బాండ్ ఉంటే ఎన్ని నెలలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాసేయాలి. దాచి ఆఫర్ లెటర్ రోజు బయటపెడితే ఆ కబురు సాయంత్రానికి గ్రూపులన్నింటికీ పాకుతుంది. ఆఫీసు పూర్తి చిరునామా, కంపెనీ సొంత డొమైన్‌తో ఉన్న మెయిల్ కూడా ఇక్కడే ఇవ్వాలి.

తర్వాత పని. ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అనుకుందాం. ‘జావా వచ్చినవాళ్లు కావాలి’ అని రాస్తే ఆ మాట ఏ కంపెనీకైనా సరిపోతుంది. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘మా సాఫ్ట్‌వేర్‌తో ఆసుపత్రి కౌంటర్లలో బిల్లులు వేస్తారు. మొదటి మూడు నెలలు మీరు కొత్త కోడ్ పెద్దగా రాయరు. కౌంటర్ నుంచి వచ్చే ఫిర్యాదులు చదివి, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టి, సీనియర్ పక్కన కూర్చుని సరిచేస్తారు. ఆ తర్వాత ఒక చిన్న రిపోర్టు మొత్తం మీ చేతికే ఇస్తాం. రాత్రి షిఫ్టులు లేవు. కొత్త ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ పెట్టే రోజు మాత్రం ఇంటికి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది.’

ఆ చివరి వాక్యం తీసేయమని యజమానికి ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. తీయకూడదు. అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు టెలిఫోన్ ఆపరేటర్ల మీద చేసిన ప్రయోగం 1973లో వెలువడింది. ఉద్యోగంలో చేరబోయే కొందరికి మామూలు ప్రచార చిత్రం, కొందరికి పనిలోని విసుగునూ ఒత్తిడినీ చూపే చిత్రం వేశారు. నిజం చూసినవాళ్లు కూడా ఉద్యోగంలో చేరడానికి వెనకాడలేదు. పైగా చేరాక మానేద్దామన్న ఆలోచన వాళ్లకే తక్కువ వచ్చింది. చిన్న కంపెనీకి ఇది చాలా పెద్ద విషయం. నలుగురిలో ఇద్దరు రెండో నెలలోనే వెళ్లిపోతే సీనియర్లు వాళ్లకు నేర్పిన సమయమంతా పోయినట్టే.

జీతం దగ్గర చాలామంది తడబడతారు. ‘ఏడాదికి 3.6 లక్షలు సీటీసీ’ అని రాస్తే ఫ్రెషర్ నెలకు 30 వేలు చేతికొస్తాయనుకుని హాస్టల్ ఖర్చులు లెక్కేసుకుంటాడు. బేసిక్ 15 వేలు అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 ఆ 30 వేలలోదే. ఉద్యోగి వాటా మరో 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200. ఇవి పోను చేతికొచ్చేది 26,200. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కూడా సీటీసీలో కలిపితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ‘ఒకటో తారీఖున మీ ఖాతాలో పడేది 26,200’ అని ప్రకటనలోనే రాయండి. పీఎఫ్ మీ పేరు మీదే జమవుతుందని పక్కన ఒక మాట చేర్చండి. పెద్ద కంపెనీతో పోలిస్తే ఈ అంకె చిన్నదే కావచ్చు, కానీ దాన్ని దాచకుండా చెప్పిన కంపెనీ మీద గౌరవం కలుగుతుంది. మొదటి జీతం రోజు మోసపోయానన్న బాధ ఎవరికీ ఉండదు.

ఇక 60 శాతం నిబంధన. దరఖాస్తులు తగ్గించుకోవడానికి అది సులువైన జల్లెడ అని నాకు తెలుసు. కానీ సెకండ్ ఇయర్‌లో ఒక సబ్జెక్ట్ పోయి సప్లిమెంటరీలో గట్టెక్కి, తర్వాత ఏడాది అమీర్‌పేటలో కూర్చుని కష్టపడి నేర్చుకున్న అమ్మాయి అక్కడే ఆగిపోతుంది. దానికి బదులు ప్రకటనలో ఒక చిన్న ప్రశ్న పెట్టవచ్చు: ‘ఒకే రోగి ఒకే రోజు రెండుసార్లు ఓపీ చీటీ తీసుకున్నాడు. రెండోసారి ఫీజు వేయాలా వద్దా అని సాఫ్ట్‌వేర్ ఎలా నిర్ణయించాలి? పది వాక్యాల్లో రాసి పంపండి, తెలుగులోనైనా సరే.’ గుడ్డిగా రెజ్యూమె పంపేవాళ్లు ఇక్కడే తగ్గిపోతారు. అదే డాక్టరా, వేరే విభాగమా, ఫీజు ఎన్ని రోజులు చెల్లుతుంది అని ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లు కనిపిస్తారు. కంపెనీకి కావలసింది వాళ్లే. జవాబులు గ్రూపుల్లో తిరిగి ఒకేలా రావడమూ జరుగుతుంది. అందుకే ఇంటర్వ్యూలో అదే ప్రశ్నను కాస్త మార్చి అడగాలి. గంటకు మించి పట్టే పని మాత్రం ఇవ్వకూడదు. జీతం లేకుండా ప్రాజెక్టు చేయించుకున్నారన్న పేరు ఒకసారి వస్తే పోదు.

ఎంపిక ఎన్ని దశల్లో జరుగుతుందో, ఫలితం ఏ తేదీకి చెబుతారో కూడా రాయాలి. ఆ తేదీకి, ఎంపిక కానివాళ్లకు కూడా, రెండు వాక్యాల మెయిల్ వెళ్లి తీరాలి. ఆ మాట నిలబెట్టుకోలేమనిపిస్తే తేదీ రాయకపోవడమే నయం.

ప్రకటన పనిచేసిందో లేదో దరఖాస్తుల సంఖ్య చెప్పదు. పిలిచినవాళ్లలో పరీక్షకు ఎంతమంది వచ్చారు, ఆఫర్ తీసుకున్నవాళ్లలో ఎంతమంది చేరారు, ఆరు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారు అన్నవే చూడాలి. పెద్ద కంపెనీ నుంచి ఆలస్యమైన జాయినింగ్ లెటర్ వస్తే కొందరు వెళ్తారు, దాన్ని ఏ ప్రకటనా ఆపలేదు. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్నను మాత్రం రాసిపెట్టుకోండి. పదిమందీ ‘సార్, బాండ్ ఉందా?’ అనే అడుగుతుంటే ఆ సంగతి ప్రకటనలో లేదన్నమాట, లేదా ఎవరి కంటా పడని చోట ఉందన్నమాట.