అమ్మకం జరిగింది, లెక్కలోకి రాలేదు

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. జర్మనీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కోసం యూరోల్లో ధరలు వేసి, విడిగా పేజీలు పెట్టింది. నెలకు అక్కడి నుంచి 200 ఆర్డర్లు వస్తున్నాయి. డబ్బు కూడా ఖాతాలో పడుతోంది. కానీ వెబ్‌సైట్‌కు ఎవరొచ్చారో, ఎవరు కొన్నారో చెప్పే గూగుల్ అనలిటిక్స్‌లో మాత్రం 110 ఆర్డర్లే కనిపిస్తున్నాయి. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. అయితే యూరప్‌కు సరుకు అమ్మే చాలా దుకాణాలకు ఈ తేడా రోజూ ఎదురయ్యేదే.

ఆ 90 మంది ఎందుకు కనిపించలేదు? మనం ఒక సైట్ తెరిచినప్పుడు అది మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తే కుకీ. సైటు తన కోసం పెట్టుకునేది సొంత కుకీ. ఆ పేజీలో చోటు సంపాదించిన యాడ్ కంపెనీ తన పేరు మీద పెట్టేది బయటి కుకీ. నిన్న చీర చూసిన మనిషికి ఈరోజు వార్తల సైట్‌లో అదే చీర యాడ్ కనబడటం చాలాకాలంగా ఈ బయటి కుకీల మీదే నడిచింది.

యూరప్‌లో ఇలాంటి కుకీలు పెట్టాలంటే ముందు మనిషిని అడగాలి. వ్యక్తిగత డేటా రక్షణకు జీడీపీఆర్ 2018 మే నుంచి అమల్లో ఉంది. దుకాణం మంగళగిరిలో ఉన్నా, యూరప్‌లోని వారికి అమ్మకానికి పెడితే ఆ చట్టం వర్తిస్తుంది. ముందే టిక్ పెట్టేసిన గడి సమ్మతి కిందకు రాదని యూరప్ న్యాయస్థానం 2019లో ప్లానెట్49 కేసులో తేల్చింది. ఒప్పుకున్నంత సులువుగా వద్దనే వీలు ఇవ్వలేదని ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2021 చివర్లో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. ‘వద్దు’ బటన్ ‘సరే’ పక్కనే, అదే సైజులో కనిపిస్తే చాలామంది వద్దనే నొక్కుతారు. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది. వద్దనడానికి మూడు పేజీలు తిప్పిన రోజుల్లో వచ్చిన సమ్మతిని సమ్మతి అనలేం.

మన దుకాణం లెక్క ఇలా సాగుతుంది. నెలకు 10,000 మంది వచ్చారు. 4,500 మంది సరే అన్నారు, 3,000 మంది వద్దన్నారు, 2,500 మంది బ్యానర్‌ను ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా వద్దన్నట్టే లెక్క. మిగిలిన 4,500లో 1,700 మంది ఐఫోన్‌లో సఫారీ వాడేవారు. సఫారీ 2020 మార్చి నుంచి బయటి కుకీలను పూర్తిగా ఆపేసింది కాబట్టి వాళ్లు సరే అన్నా యాడ్ కంపెనీ కుకీ నిలవదు. చివరికి, చీర మళ్లీ చూపించడానికి ఆ కుకీకి దొరికేది 2,800 మందే. క్రోమ్ మాత్రం బయటి కుకీలను తీసేస్తానని 2020లో ప్రకటించి, వాయిదాలు వేసి, 2025లో ఆ ఆలోచన మానుకుంది.

సఫారీ సొంత కుకీలను కూడా వదల్లేదు. పేజీలోని స్క్రిప్టు పెట్టిన కుకీకి ఏడు రోజులే ఆయుష్షు. గుర్తింపు సంఖ్య తగిలించిన యాడ్ లింకు ద్వారా వస్తే కొన్ని సందర్భాల్లో 24 గంటలే. పట్టుచీర ఎవరూ చూసిన రోజే కొనరు. వారాంతంలో అమ్మకు వీడియో కాల్‌లో చూపించి, అంచు రంగు గురించి చర్చించి, పదో రోజున కొంటారు. అప్పటికి పాత గుర్తు చెరిగిపోయి, ఆమె కొత్త మనిషిగా నమోదవుతుంది. ఆమెను తీసుకొచ్చిన యాడ్‌కు ఆ అమ్మకం దక్కదు. యజమాని పట్టికలో ఆ యాడ్ దండగ అని కనబడి దాన్ని ఆపేస్తాడు. తర్వాతి నెలలో ఆర్డర్లు నిజంగానే పడిపోతాయి. మనుషులు కనిపించకపోవడం కంటే, కనిపించినవారే అందరూ అనుకోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువ.

అందుకే మొదట ఆర్డర్ల రిజిస్టర్‌ను అనలిటిక్స్ పక్కన పెట్టి నెలనెలా సరిచూడాలి. తేడా ఏటా ఒకే తీరులో ఉంటే సమ్మతి, బ్రౌజర్ల ప్రభావం అనుకోవచ్చు. ఒక్కసారిగా పెరిగితే బ్యానరే చెడిపోయి ఉండవచ్చు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ప్రైవేట్ విండోలో సైట్ తెరిచి, బ్యానర్ ముట్టుకోకుండా F12 నొక్కి, Application కింద Cookies చూడండి. అప్పటికే `_ga` లేదా `_fbp` కనిపిస్తే, అడగకముందే కుకీ పెట్టేస్తున్నారన్నమాట. అది చట్టం ముందు నిలవదు.

ఇక సొంత డేటా సంగతి. కొనుగోలుదారు తెలిసి, తానుగా దుకాణానికి ఇచ్చిన వివరాలే ఇవి. ఉత్తినే ‘మీ ఈమెయిల్ ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వాల్సిన పనీ లేదు. అమ్ముడైపోయిన చీర పేజీలో ‘ఈ రంగు మళ్లీ మగ్గం దిగితే చెప్పండి’ అని ఒక గడి పెడితే ఇస్తారు. అడిగినవారికి పని జరుగుతుంది, దుకాణానికి వాళ్లకు ఏం కావాలో తెలుస్తుంది. పుట్టినతేదీ, జీతం లాంటివి అడగనేకూడదు. చీర అమ్మడానికి అవి అక్కర్లేదు.

ఇచ్చిన ప్రతి వివరం పక్కనా మూడు విషయాలు రాసిపెట్టాలి: ఏ తేదీన ఇచ్చారు, అప్పుడు తెరపై ఏ వాక్యం ఉంది, దేనికి ఒప్పుకున్నారు. రంగు వచ్చిందని చెప్పమన్నవారికి దసరా ఆఫర్లు పంపితే మాట తప్పినట్టే. ఆఫర్లకు వేరే గడి ఉండాలి, అది ఖాళీగా ఉండాలి. జర్మనీలో ఇంకో మెట్టు కూడా పాటిస్తారు. ముందు ఒక ధ్రువీకరణ మెయిల్ వెళ్తుంది, అందులోని లింకు నొక్కాకే పేరు జాబితాలో చేరుతుంది. కొందరు అక్కడ జారిపోతారు. మిగిలినవారు మాత్రం నిజంగా కావాలనుకున్నవారే.

ఈ జాబితాను యాడ్ కంపెనీకి ఇచ్చి, పాత కొనుగోలుదారులకే యాడ్ చూపించమనవచ్చు. ఈమెయిల్‌ను SHA-256 పద్ధతిలో గుర్తుపట్టలేని అక్షరవరుసగా మార్చి పంపుతారు. ఇక్కడ ఒక చిన్న పొరపాటు జాబితాలో పెద్ద భాగాన్నే తినేస్తుంది. ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చివర ఖాళీ, ఫోన్ నంబరుకు ముందు దేశం కోడ్ లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా అక్షరవరుస పూర్తిగా మారిపోతుంది, మనిషి దొరకరు. మార్చకముందే శుభ్రం చేసుకోవాలి. ఇలా పంపినా అది వ్యక్తిగత డేటాయే. దాన్ని బయటికి ఇవ్వడానికి కూడా కొనుగోలుదారు ఒప్పుకుని ఉండాలి.

మన దగ్గరా ఇది దూరంలో లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు అప్పటి నుంచి 18 నెలల గడువిచ్చారు. సమ్మతి నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలు కల్పించాలి. సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోనివ్వాలి. హైదరాబాద్ కొనుగోలుదారుల కోసం కూడా ఆ నోటీసును ఇప్పుడే మంచి తెలుగులో రాసుకోవడం మేలు.

దుకాణం పేరే వినని మనిషి ఈ జాబితాలో ఉండరు. వాళ్ల కోసం యాడ్‌లు వేయక తప్పదు. అయితే మనిషిని వెంటాడకుండా, చీరల గురించి రాసే పేజీలోనే చీర యాడ్ పెట్టడం లాంటివి ఇప్పటికీ పనిచేస్తాయి.

జాబితా వల్ల నిజంగా లాభముందా అని కూడా తేల్చుకోవాలి. అందులో 1,000 మంది ఉంటే, చీటీ తీసినట్టు 100 మందిని పక్కన పెట్టి, మిగతా 900 మందికే దసరా మెయిల్ పంపండి. నెల తర్వాత రిజిస్టర్ చూస్తే 900లో 63 మంది, 100లో ఐదుగురు కొన్నారనుకుందాం. అంటే అక్కడ నూటికి ఏడుగురు, ఇక్కడ నూటికి ఐదుగురు. మెయిల్ వల్ల అదనంగా వచ్చినవి సుమారు 18 చీరలు. 63 కాదు. పక్కన పెట్టినవారు 100 మందే కాబట్టి ఇద్దరు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారవుతుంది. దీపావళికి, సంక్రాంతికి, ఉగాదికి ప్రతిసారీ కొత్తగా చీటీలు తీసి, నాలుగు పండగల లెక్కా కలిపి చూశాకే ఆ మెయిల్ ఖర్చు గిట్టుబాటవుతోందో లేదో నమ్మకంగా చెప్పగలం.