సేవకూ జీతంతో సెలవుంది.. అడిగే పద్ధతి తెలుసా?

ఉద్యోగంలో చేరగానే అందరం క్యాజువల్ లీవులు ఎన్నో, సిక్ లీవులు ఎన్నో లెక్కపెట్టుకుంటాం. అదే పాలసీలో ‘వాలంటీర్ టైమ్ ఆఫ్’ అనే లైన్ ఉంటే మాత్రం చాలామంది పట్టించుకోరు. స్కూల్లోనో, స్వచ్ఛంద సంస్థలోనో సేవ చేసే రోజులకు కంపెనీ జీతం కోయకుండా ఇచ్చే సెలవు ఇది. సేల్స్‌ఫోర్స్ ఇలా ఏడాదికి 56 గంటలు, అంటే ఏడు పనిదినాలు ఇస్తుంది. ఒకటి రెండు రోజులే ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. చట్టప్రకారం తప్పనిసరి కాదు కాబట్టి, మీ కంపెనీ పాలసీలో ఏం రాసి ఉంటే అదే మీ హక్కు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు ఇలాంటివి 16 గంటలున్నాయి. ‘సేవ చేయాలనుంది, రెండు రోజులు కావాలి’ అని మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. ‘చూద్దాంలే’ అన్నారు. ఆ చూడటంలోనే డిసెంబర్ వెళ్లిపోయింది. మిగిలిన గంటలు మరుసటి ఏడాదికి రావని అప్పుడు తెలిసింది. తప్పు ఆయనది కాదు. ఆయన మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: ‘ఆ రెండు రోజులు నీ పని ఎవరు చూస్తారు?’ దానికి నా మెసేజ్‌లో జవాబే లేదు.

రెండో ఏడాది ముందు పాలసీ మొత్తం చదివాను. మీరూ అందులో నాలుగు విషయాలు వెతకండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు వర్తిస్తుందా? సంస్థ కంపెనీ జాబితాలోనే ఉండాలా, మనం ఎంచుకోవచ్చా? గంటలు ఎప్పటితో ముగుస్తాయి? రుజువుగా ఏం అడుగుతారు? రాజకీయ, మత ప్రచార కార్యక్రమాలను చాలా పాలసీలు ఒప్పుకోవు. అదీ చూసుకోండి.

తర్వాత మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వెళ్లి హెడ్‌మాస్టర్‌ని కలిశాను. ల్యాబ్‌లో 12 కంప్యూటర్లుంటే ఏడు ఆన్ కావడం లేదు. ఏ రోజుల్లో రావచ్చో, ఏం పని చేయాలో రాసి స్కూల్ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ ఇమ్మని అడిగాను. అది చేతికొచ్చాకే మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఇంగ్లిష్‌లో రాసిన ఆ మెయిల్ సారాంశం ఇది:

‘వాలంటీరింగ్ పాలసీ కింద నా 16 గంటలు వాడుకోవాలనుకుంటున్నాను. వచ్చే నెల రెండో గురువారం, నాలుగో గురువారం. మన రిలీజ్ మూడో వారంలో కాబట్టి దానికి అడ్డు రాదు. మొదటి రోజు కంప్యూటర్లు విప్పి లోపాలు గుర్తిస్తాను. రెండో రోజు బాగుచేసి, ఎనిమిదో తరగతికి ఒక క్లాస్ చెబుతాను. ఆ రెండు రోజులూ నా టికెట్లు చూడటానికి పక్క డెస్క్ సహోద్యోగి ఒప్పుకున్నాడు. స్కూల్ లేఖ జత చేశాను.’

‘వీకెండ్‌లో చేయొచ్చుగా?’ అని ఒక్క ప్రశ్న వచ్చింది. ఎనిమిదో తరగతికి కంప్యూటర్ పీరియడ్ గురువారమే అని చెప్పాను. అదే రోజు ఓకే అన్నారు.

రెండు రోజుల మధ్య రెండు వారాల గ్యాప్ కావాలనే పెట్టాను. మొదటి రోజు దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్లీ బిగిస్తే మూడు కంప్యూటర్లు ఆన్ అయ్యాయి. మిగతావాటిలో ఒకదానికి ఎస్‌ఎంపీఎస్, ఇంకోదానికి కొత్త ర్యామ్ కావాలి. స్కూల్ నిధులతో అవి కొనాలంటే హెడ్‌మాస్టర్‌కి సమయం పడుతుంది. వరుసగా రెండు రోజులు పెట్టుకుని ఉంటే రెండో రోజంతా ఖాళీగా కూర్చునేవాణ్ని. చివరికి ఏడింటిలో ఐదు పనిచేశాయి. రెండింటికి మదర్‌బోర్డులు పోయాయి. అవి స్కూల్ స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న వస్తువులు కాబట్టి ఏ భాగాన్నీ బయటికి తీసుకెళ్లలేదు. ఆ విషయం రాసి ఇచ్చి వచ్చాను.

ఇక సెలవు పెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పోర్టల్‌లో వాలంటీరింగ్‌కి వేరే లీవ్ టైప్ ఉంటుంది. తొందరలో క్యాజువల్ లీవ్ నొక్కితే మీ సొంత సెలవులే తగ్గుతాయి. అప్రూవల్ రాగానే లీవ్ బ్యాలెన్స్ చూడండి. క్యాజువల్ లీవులు తగ్గి కనిపిస్తే వెంటనే హెచ్ఆర్‌కి చెప్పండి, పేరోల్ ముగిశాక సరిచేయించడం కష్టం. వెళ్లొచ్చాక అప్లై చేద్దాంలే అనుకుంటే అది అనుమతి లేని గైర్హాజరుగా కూడా పడొచ్చు.

పని అయ్యాక ఎన్ని గంటలు ఉన్నారో, ఏం చేశారో హెడ్‌మాస్టర్ సంతకంతో తీసుకుని పోర్టల్‌లో జత చేయండి. రుజువు కోసం పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు అవసరం లేదు, పనిచేస్తున్న ల్యాబ్ ఫొటో చాలు. మేనేజర్‌కి కూడా నాలుగు లైన్లు పంపండి. వచ్చే ఏడాది మీరు మళ్లీ అడిగినప్పుడు ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ మెయిలే.