పందిమాంసంలో ఏ ముక్కకు ఎంత మంట

పందిమాంసం కూర తినేటప్పుడు ఒక ముక్క వేలితో నొక్కితే విడిపోతుంది, దాని పక్కనున్న ముక్క ఎంత నమిలినా పీచులా నోట్లో తిరుగుతుంటుంది. రెండూ ఒకే గిన్నెలో, ఒకే మసాలాలో ఉడికినవే. మాంసం ముదురుదని దుకాణదారుణ్ని తిట్టుకోవడం మామూలే గాని, చాలాసార్లు తప్పు అతనిది కాదు. కిలో మాంసంలో జబ్బ, వెన్ను, పొట్ట, పక్కటెముకలు కలిసి వచ్చి ఉంటాయి. వీటిలో ఒకదానికి ఐదు నిమిషాలు చాలితే మరొకదానికి రెండు గంటలు కావాలి.

కండ ఎంత గట్టిగా ఉంటుందన్నది, బతికున్నప్పుడు జంతువు దానితో ఎంత పని చేయించుకుందన్న దాన్నిబట్టి ఉంటుంది. పని ఎక్కువైన కండలో పోగులను కట్టి ఉంచే తెల్లటి పొరలు, నరాల్లాంటి పట్టీలు ఎక్కువగా ఉంటాయి. అందులోని పదార్థం కొల్లాజెన్. పచ్చిగా ఉన్నప్పుడు అది తోలులా సాగుతుంది. తడి వేడిలో చాలాసేపు ఉంటే కరిగి జిగురుగా మారుతుంది. పాయా సూపు చల్లారాక గడ్డకట్టి వణికేది ఈ జిగురు వల్లే. కొవ్వు సంగతి వేరు. కొవ్వు ఎక్కువున్నంత మాత్రాన ముక్క మెత్తగా ఉంటుందనీ, తక్కువున్నంత మాత్రాన గట్టిగా ఉంటుందనీ అనుకోకూడదు. కొవ్వు చాలా తక్కువగా ఉండే వెన్ను కండే అన్నిటికన్నా లేతది.

జబ్బ, అంటే షోల్డర్, రోజంతా బరువు మోసే భాగం. మాంసం ముదురు ఎరుపుగా ఉంటుంది. కోసి చూస్తే ఒకే కండలా కాకుండా, నాలుగైదు కండలు తెల్లటి పొరలతో, మధ్యమధ్య కొవ్వు గీతలతో అతుక్కుని కనిపిస్తాయి. నిదానంగా ఉడికే కూరలకు దీన్ని మించినది లేదు. కాకపోతే వండేవాళ్లు సగంలో చేతులెత్తేసేది కూడా దీనితోనే. ముక్క లోపలి వేడి 65 డిగ్రీలు దాటేసరికి కండ పోగులు ముడుచుకుని నీరు వదిలేస్తాయి, కొల్లాజెన్ ఇంకా కరిగి ఉండదు. అందుకని పొయ్యి మీద 45 నిమిషాలు, గంట గడిచాక రుచి చూస్తే ముక్క రబ్బరులా తగులుతుంది. వంట చెడిందనుకునే ఆ ఘట్టంలోనే ఓపిక పట్టాలి. లోపలి వేడి 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నకొద్దీ పొరలు జిగురై పోగుల మధ్యకు చేరతాయి, ముక్క మళ్లీ మెత్తబడుతుంది.

కొడగు వాళ్ల పంది కూరలో ఈ క్రమం చక్కగా కనిపిస్తుంది. కిలో జబ్బను కొంచెం పొట్ట భాగంతో కలిపి నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు, ఉల్లి, అల్లం, వెల్లుల్లి వేసి సన్న మంట మీద పెడతారు. మాంసం తన నీటిని తానే వదులుతుంది, కొవ్వు కరుగుతుంది. కాబట్టి నూనె అవసరం పెద్దగా ఉండదు, నీళ్లు ముక్కలు సగం మునిగేటంత చాలు. రెండు గంటల తర్వాత గరిటె అంచుతో నొక్కితే ముక్క పోగులుగా విడిపోవాలి. జారిపోతే ఇంకా ఉడకాలి. మిరియాలు, ధనియాలు, జీలకర్ర నల్లబడేదాకా వేయించి కొట్టిన పొడి, కాచంపులి అనే చిక్కటి నల్లని పులుపు ఒకటి రెండు చెంచాలు చివర్లో పడతాయి. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది కనుక మొదటి విజిల్ తర్వాత సన్న మంట మీద 25 నుంచి 30 నిమిషాల్లో ఈ పని అయిపోతుంది. తర్వాత మూత తీసి పులుసును ఇగరబెట్టుకోవాలి.

వెన్ను కండ, అంటే లోయిన్, వీపు పొడవునా వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. దానికి పని తక్కువ. లేత గులాబీ రంగులో, ఒకే దిశలో సాగే సన్నని పోగులతో ఉంటుంది. కొవ్వంతా ఒక అంచున పట్టీలా ఉంటుంది గాని లోపల దాదాపు ఉండదు. కరగాల్సిన పొరలు లేవు కాబట్టి ఎక్కువసేపు ఉడికిస్తే వచ్చే లాభం లేదు, నీరంతా పోయి రంపపు పొట్టులా మిగలడమే. దీన్ని రెండున్నర సెంటీమీటర్ల మందాన కోసి, లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో గంట ఉంచి, తడి లేకుండా తుడిచి, బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ఇలాంటి ముక్కలకు 63 డిగ్రీల లోపలి వేడి, ఆపైన మూడు నిమిషాల విరామం చాలని చెప్పింది. బయట తిరిగి మేసే పందుల్లో బద్దెపురుగు తిత్తులు ఉండే ప్రమాదం ఉంది కనుక, ఎక్కడ పెరిగిందో తెలియని మాంసాన్ని 71 డిగ్రీల దాకా తీసుకెళ్లడమే మంచిది. ఉప్పు నీటిలో నానిన ముక్క ఆ వేడికి కూడా మరీ ఎండిపోదు.

పొట్ట, అంటే బెల్లీ, తోలు, కొవ్వు, కండ, మళ్లీ కొవ్వు అన్నట్టు పొరలు పొరలుగా ఉంటుంది. బరువులో దాదాపు సగం కొవ్వే. ఆ కొవ్వు సన్నని కొల్లాజెన్ సంచుల్లో ఉంటుంది కాబట్టి త్వరగా వేయిస్తే పైన మాడి లోపల జిడ్డుగా, జీడిలా మిగులుతుంది. చైనాలో హాంగ్‌జౌ నగరపు దోంగ్‌పో మాంసం పొట్ట ముక్కతోనే చేస్తారు. ముక్కలను ముందు పది నిమిషాలు మరిగించి, తెట్టు పారేసి, సోయా సాస్, బియ్యపు సారాలో రెండు గంటలకు పైగా సన్న సెగ మీద ఉంచితే కొవ్వు చాలామటుకు బయటికి వచ్చేస్తుంది. మిగిలింది నోట్లో కరుగుతుంది.

తోలు కరకరలాడాలంటే దారి వేరే. తోలుకు సూదితో గుచ్చి, ఉప్పు రుద్ది, ఫ్రిజ్‌లో మూత లేకుండా రాత్రంతా ఆరబెట్టాలి. గాట్లు కండ దాకా దిగితే లోపలి రసం పైకి ఉబికి తోలును తడిపేస్తుంది. తడిసిన తోలు చెప్పు తోలులా సాగుతుందే తప్ప పొంగదు. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర గంటన్నర, చివరి అరగంట 220 డిగ్రీలు పెడితే తోలు బుడగలు బుడగలుగా పొంగుతుంది.

పక్కటెముకలు రెండు రకాలు. వెన్ను పక్కవి పొట్టిగా వంగి ఉంటాయి, కొవ్వు తక్కువ. పొట్ట వైపువి పొడవుగా, బల్లపరుపుగా ఉంటాయి; వాటిలో కొవ్వు, పొరలు ఎక్కువ. రెండింటికీ లోపలి వైపు ఒక పల్చటి పొర అంటుకుని ఉంటుంది. దాన్ని గుడ్డతో పట్టి లాగేస్తే మసాలా లోపలికి పడుతుంది. 140 డిగ్రీల ఓవెన్‌లో గట్టిగా కప్పి పెడితే వెన్ను వైపువి రెండు గంటల్లో, పొట్ట వైపువి మూడు గంటల్లో అవుతాయి. ఎముక కొసల నుంచి మాంసం సెంటీమీటరు మేర వెనక్కి తగ్గితే సిద్ధమైనట్టు.

కలిపి కొట్టిన కిలో చేతికి వచ్చినప్పుడు పొయ్యి వెలిగించకముందే ముక్కలను వేరుచేయాలి. తెల్లటి గీతలున్న ఎర్ర ముక్కలు, పొరల ముక్కలు, ఎముకలు ముందు గిన్నెలోకి వెళ్లాలి. గీతల్లేని లేత రంగు ముక్కలను పక్కన ఉంచి, మిగతావి మెత్తబడ్డాక చివరి పది నిమిషాల్లో వేయాలి.