జీమెయిల్‌ను కాపాడిన టేపులు

2011 ఫిబ్రవరి చివర్లో కొందరు జీమెయిల్ తెరిచేసరికి పెట్టె ఖాళీగా ఉంది. గూగుల్ ప్రతి మెయిలు నకళ్లనూ వేర్వేరు డేటా సెంటర్లలో ఉంచుతుంది. అయినా నిల్వ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దొర్లిన ఒక లోపం ఆ ఖాతాల నకళ్లన్నింటినీ దెబ్బతీసింది. చివరికి ఆదుకున్నవి టేపులే. ఏ తీగకూ తగిలించి లేవు కనుక ఆ లోపం వాటిని తాకలేకపోయింది.

ఇప్పుడు కంపెనీలు ఎక్కువగా వాడేది ఎల్‌టీవో రకం. అరచేతిలో ఇమిడే కార్ట్రిడ్జ్‌లో ఒకే చుట్ట ఉంటుంది. డ్రైవ్‌లో పెట్టగానే టేపు కొసను లాగి, డ్రైవ్ లోపలి రెండో చక్రానికి చుట్టుకుంటుంది. ఎల్‌టీవో-9 టేపు పొడవు 1,035 మీటర్లు, వెడల్పు అరంగుళం. డ్రైవ్ హెడ్ ఒకేసారి 32 గీతల్లో అయస్కాంత గుర్తులు రాస్తూ చివరిదాకా వెళ్తుంది, కాస్త పక్కకు జరిగి వెనక్కి రాస్తూ వస్తుంది. ఇలా వందల సార్లు తిరిగితే 18 టెరాబైట్లు నిండుతాయి.

చిక్కల్లా వెతుకులాటలో ఉంది. కావలసిన ఫైలు ఎక్కడో మధ్యలో ఉంటే టేపు అక్కడిదాకా చుట్టుకోవాలి. అందుకే జీమెయిల్ ఉత్తరాలు వెనక్కి రావడానికి గంటలు పట్టింది. రోజూ తెరిచే ఫైళ్లకు టేపు పనికిరాదు. కానీ రాన్సమ్‌వేర్ నెట్‌వర్క్‌లోని బ్యాకప్‌లను కూడా తాళం వేసే ఈ రోజుల్లో, అలమరలో విడిగా ఉన్న కార్ట్రిడ్జ్ దానికి అందదు. కరెంటు ఖర్చూ లేదు.

అలాగని అలమరలో పెట్టి మరిచిపోకూడదు. ఎల్‌టీవో-9 డ్రైవ్ ఎల్‌టీవో-8 టేపును చదువుతుంది, ఎల్‌టీవో-7ను చదవదు. పాత డ్రైవ్ మూలపడకముందే డేటాను కొత్త టేపుకు మార్చి, ఒకసారి తిరిగి చదివి చూడాలి.