ఎడమకొకటి, కుడికొకటి, డిజైన్ మాత్రం ఒకటే

సైకిల్ షాపులో కొత్తగా చేరిన కుర్రాడు మొదట తిట్లు తినేది ఎడమ పెడల్ దగ్గరే. కుడి పెడల్‌ను విప్పినట్టే దాన్నీ విప్పబోతాడు. అది ఊడి రాకపోగా ఇంకా బిగుసుకుంటుంది. తొక్కుతుంటే దానంతట అదే వదులు కాకుండా ఎడమ పెడల్‌కు మరను తిరగేసి కోస్తారు. అందుకే అది కుడి పెడల్‌కు అద్దంలో బొమ్మలా ఉంటుంది. స్కూటర్ మడ్‌గార్డ్ పట్టీలు, కారు తలుపు బందులు, బస్సు అద్దాల బ్రాకెట్లు కూడా ఇలాంటి జంటలే.

ఈ జంటలను కంప్యూటర్‌లో గీసే డిజైనర్‌కు ఒక చిక్కు ఉంది. ఎడమది పూర్తిచేసి, ఆ ఫైల్‌కు నకలు తీసి, కుడిదిగా మార్చుకోవడం తేలిక. కానీ ఆ క్షణం నుంచి ఆ రెండింటికీ సంబంధం తెగిపోతుంది. నెల తర్వాత ఎడమ బ్రాకెట్‌లో బెజ్జాన్ని 4 మిల్లీమీటర్లు జరిపి, కుడిదాని మాట మరిచిపోతే, ఆ సంగతి బోల్టు పట్టనప్పుడే బయటపడుతుంది. అలా కాకుండా ఉండాలంటే రెండో భాగాన్ని గీయకూడదు, మొదటిదాని నుంచి పుట్టించాలి.

ఒక చిన్న బ్రాకెట్‌తో చూద్దాం. అడుగు పలక 120 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 5 మందం. దాని ఒక చివర 80 మిల్లీమీటర్ల ఎత్తున నిలువు పలక. అడుగు పలకలో ఎం8 బోల్టు దూరడానికి 9 మిల్లీమీటర్ల బెజ్జం. వంపు దగ్గరి గుండ్రదనాన్ని ఇక్కడ వదిలేద్దాం. ఉచితంగా దొరికే ఓపెన్‌స్క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీతలకు బదులు మాటలతోనే బొమ్మ కడతారు. అందులో ఈ జంట ఇంతే:

```
y = 20;
module base() {
  difference() {
    union() {
      cube([120, 60, 5]);
      cube([5, 60, 80]);
    }
    translate([90, y, -1]) cylinder(d=9, h=7);
  }
}
base();
translate([-20, 0, 0]) mirror([1, 0, 0]) base();
```

చివరి రెండు వరుసలు చూడండి. మొదటిది బ్రాకెట్‌ను ఉన్నదున్నట్టు నిలబెడుతుంది. రెండోది అదే బ్రాకెట్‌కు ప్రతిబింబం తీసి పక్కన పెడుతుంది. కుడి బ్రాకెట్ కొలతలు ఎక్కడా విడిగా రాయలేదు. `y` విలువను 20 నుంచి 24కు మారిస్తే రెండింటిలోనూ బెజ్జం జరుగుతుంది.

ఇప్పుడు అదే విలువను 30 చేయండి. 60 వెడల్పులో 30 అంటే సరిగ్గా నడిమధ్య. అప్పుడు ఎడమ బ్రాకెట్‌ను తిప్పి పెడితే అదే కుడి బ్రాకెట్ అవుతుంది. అంటే రెండు భాగాలు, రెండు నంబర్లు, స్టోరులో రెండు పెట్టెలు అక్కర్లేదు. ఈ బ్రాకెట్ ఎడమ, కుడిగా విడిపోవడానికి కారణం బెజ్జం నడిమధ్య నుంచి 10 మిల్లీమీటర్లు పక్కకు ఉండటమే. జంట గీయబోయే ముందు ఆ పక్కకు జరపడం నిజంగా అవసరమా అని ఒకసారి అడిగి చూసుకుంటే, ఒక్కోసారి పని సగానికి తగ్గుతుంది.

కంపెనీల్లో ఎక్కువగా వాడే సాలిడ్‌వర్క్స్‌లోనూ సూత్రం ఇదే. ఎడమ భాగంలో ఒక చదునైన ముఖాన్నో, తలాన్నో ఎంచుకుని Insert > Mirror Part అంటే కొత్త ఫైల్ తెరుచుకుంటుంది. దానిలో మొదటి అంశం పేరు పక్కన `->` అనే బాణం గుర్తు ఉంటుంది. ఈ ఆకారం వేరే ఫైల్ నుంచి వస్తోందని దాని అర్థం. అక్కడే Break link to original part అనే గడి కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే బంధం తెగిపోయి మళ్లీ నకలు కథే మొదలవుతుంది. ఇంకో సంగతి, ఈ బంధం ఒకవైపే పారుతుంది. ఎడమ ఫైల్‌లో మార్పు కుడిదానికి చేరుతుంది గానీ, కుడిదానిలో చేసిన మార్పు ఎడమదానికి వెళ్లదు.

అసలు తిప్పలు అద్దం అన్నిటినీ తిప్పేయడం వల్ల వస్తాయి. ఎడమ బ్రాకెట్ మీద చెక్కిన పార్ట్ నంబర్ కుడిదాని మీద తిరగబడి, రబ్బరు స్టాంపు మీది అక్షరాల్లా కనిపిస్తుంది. అది కంటికి కనబడుతుంది కాబట్టి నయం. బెజ్జంలో మరను చుట్టలు చుట్టలుగా నిజంగా గీసి ఉంటే, ప్రతిబింబంలో అది ఎడమ మర అయిపోతుంది. తెర మీద ఆ తేడా సులువుగా తెలియదు. ఆ బొమ్మతో త్రీడీ ప్రింట్ తీస్తే మాత్రం మామూలు బోల్టు అందులో ఎక్కదు. పెడల్‌కు కావలసిన గుణమే ఇక్కడ లోపమన్నమాట.

అందుకని అనుభవమున్నవాళ్లు ఎడమదాని నుంచి కుడిదాన్ని తీయరు. ముందు ఏ చేతికీ చెందని తల్లి ఫైల్ ఒకటి చేస్తారు. పలకలు, వంపులు, మామూలు బెజ్జాలు, అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉండేవన్నీ అందులోనే ఉంటాయి. దాని నుంచి ఎడమ ఫైల్‌ను ఉన్నదున్నట్టుగా, కుడి ఫైల్‌ను ప్రతిబింబంగా పుట్టిస్తారు. మర, చెక్కిన నంబర్, ఒకవైపే కావలసిన వైరు క్లిప్పు బెజ్జం లాంటివి ఆ తర్వాత ఏ ఫైల్‌లో దానికే వేస్తారు. కొలత మారితే తల్లి ఫైల్‌లో మారుస్తారు, నంబర్ మారితే పిల్ల ఫైల్‌లో. బోల్టులూ బేరింగులూ బజారులో కొనేవి కాబట్టి వాటి చోటును మాత్రమే అటు మారుస్తారు, ఆకారాన్ని తిప్పరు. లేకపోతే ఎక్కడా దొరకని బోల్టు ఒకటి సామాను జాబితాలోకి ఎక్కుతుంది.

అంతా సరిగ్గా ఉందో లేదో బరువు చూసి తేల్చుకోలేం. ఎడమకూ కుడికీ బరువు ఒకటే, ఘనపరిమాణం ఒకటే. తల్లి ఫైల్‌లో బెజ్జాన్ని 5 మిల్లీమీటర్లు జరిపి, పిల్లలు రెండూ కదిలాయో లేదో చూసి, మళ్లీ వెనక్కి పెట్టేయడమే నమ్మకమైన పరీక్ష. ఎడమ అంటే ఎవరి ఎడమ అన్నది కూడా డ్రాయింగ్ మీద రాసి ఉండాలి. బండ్ల విషయంలో ముందుకు చూస్తూ కూర్చున్న డ్రైవర్ ఎడమే ఎడమ. బండికి ఎదురుగా నిలబడి చూసేవాడికి అది కుడివైపు కనబడుతుంది.

కంప్యూటర్‌లో బంధం ఎంత గట్టిగా ఉన్నా, చివరి పొరపాటు రేకు వంచే మిషన్ దగ్గర జరగొచ్చు. మన బ్రాకెట్‌ను రేకు నుంచి కోస్తే, వంచకముందు అది చదునైన ముక్క. ఆ ముక్కను బోర్లా తిప్పితే దాని ప్రతిబింబం అదే. కాబట్టి ఎడమకూ కుడికీ ఒకే ముక్క సరిపోతుంది, ఏ వైపుకు వంచామన్నదే తేడా. వంచే మనిషి ఏమరుపాటున వందకు వంద ఒకే చేతివి వంచేయగలడు. అందుకే కోసేటప్పుడే ఎడమదాని మీద LH, కుడిదాని మీద RH అని చెక్కించి, అక్షరాలు వంపు బయటివైపుకు రావాలని డ్రాయింగ్‌లో రాయండి. తప్పు వైపు వంచితే అక్షరాలు లోపలికి పోతాయి. రెండో ముక్క వంచకముందే పొరపాటు దొరికిపోతుంది.